పైనుంచి దిగిన చేయి: ఒక అమెరికన్ ప్రకటనలో వాచ్యం, వ్యంగ్యం, మిథ్

1962లో అమెరికాలోని నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో యూనియన్ కార్బైడ్ సంస్థ రంగుల్లో ఒక ప్రకటన వేసింది. దాని శీర్షికను తెలుగులో చెప్పుకుంటే, 'విజ్ఞానశాస్త్రం కొత్త భారతదేశ నిర్మాణానికి తోడ్పడుతోంది' అని అర్థం. బొమ్మలో తలపాగా చుట్టుకున్న ఒక రైతు ఎడ్లతో నేల దున్నుతుంటాడు. వెనుక దూరంగా నీరు, ఒక కర్మాగారం. ఆకాశంలోనుంచి ఒక బ్రహ్మాండమైన చేయి దిగి, గాజుపాత్రలోని ఎర్రటి ద్రవాన్ని ఆ నేలమీదికి ఒంపుతుంటుంది.

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో ఏం జరిగిందో తెలిసిన వారెవరూ ఈ బొమ్మను మామూలుగా చూడలేరు. భోపాల్ గురించి రాసేటప్పుడు ఈ ప్రకటనను పక్కన పెట్టి చూపడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. చూసినవారు సాధారణంగా అనే మాట ఒకటే: 'ముందే చెప్పినట్టుంది!' ఆ మాటలో వేదన ఉంది, న్యాయం కూడా ఉంది. కాని అది విశ్లేషణ కాదు. 1962లో ఆ పేజీ తిప్పిన అమెరికన్ పాఠకుడికి ఇరవై రెండేళ్ళ తరువాతి సంగతి తెలియదు. అతనికి ఆ బొమ్మ భయం కలిగించలేదు. ఒక సదభిప్రాయాన్ని కలిగించడానికే దాన్ని గీశారు. ఆ సదభిప్రాయం ఏమిటి, ఏ గుర్తుల ద్వారా ఏర్పడింది, ఏ సంగతులను పక్కకు నెట్టి ఏర్పడింది అన్నవే సంకేతశాస్త్రం అడగవలసిన ప్రశ్నలు. వాటికి జవాబు వెతకాలంటే కొంతసేపు భోపాల్‌ను చేత్తో కప్పిపెట్టి బొమ్మను చూడాలి. ఆ తరువాత చేయి తీస్తే, 1984కూ ఈ బొమ్మకూ ఉన్న అసలు సంబంధం జోస్యంకన్న లోతైనదని తెలుస్తుంది.

మూడు మెట్లు

ప్రకటనలను ఈ పద్ధతిలో చదవడానికి దారి వేసినవాడు ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్. 1957లో వచ్చిన 'మిథాలజీస్', 1964లో పాంజానీ అనే ఆహారపదార్థాల కంపెనీ ప్రకటనపై రాసిన 'రెటోరిక్ ఆఫ్ ది ఇమేజ్' అనే వ్యాసం ఇందుకు మూలాలు. బార్త్‌కు ముందు సొసూర్ భాషాసంకేతాన్ని రెండు ముఖాలుగా విడదీశాడు: వినబడే లేక కనబడే రూపం సూచకం, అది మనసులో నిలిపే భావం సూచితం. బార్త్ దీనికి ఒక అంతస్తు చేర్చాడు. సూచకం, సూచితం కలిసి ఏర్పడిన మొత్తం సంకేతమే మరో పై అర్థానికి సూచకంగా మారగలదన్నాడు.

మొదటి అంతస్తు అర్థాన్ని డినోటేషన్ అంటారు. మనం వాచ్యం అనుకోవచ్చు. పై అంతస్తులో స్ఫురించేది కనోటేషన్. దీన్ని వ్యంగ్యం అనుకోవచ్చు. అలంకారశాస్త్రం చదివినవారికి ఈ విభజన కొత్త కాదు. 'గంగలో పల్లె' అన్నప్పుడు నది మధ్య పల్లె ఉండదు గనుక ఒడ్డున ఉన్న పల్లె అని సరిచేసుకుంటాం. అలా చేసుకున్నాక కూడా ఆ పల్లె చల్లదనం, పావనత్వం స్ఫురిస్తూనే ఉంటాయి. తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు ఆ స్ఫురణకు ధ్వని అని పేరు పెట్టి కావ్యానికి ఆత్మగా నిలిపాడు.

మూడో మెట్టు దగ్గరే మన శాస్త్రం, బార్త్ శాస్త్రం విడిపోతాయి. ధ్వనిని ఆస్వాదించే సహృదయుడికి తాను ధ్వనిని ఆస్వాదిస్తున్నానని తెలుసు. ఆ ఎరుకే ఆనందానికి మూలం. బార్త్ మిథ్ అన్నది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పాఠకుడికి తానొక అర్థాన్ని అందుకుంటున్నానన్న స్పృహే ఉండదు. లోకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తున్నానే అనుకుంటాడు. ఒక కాలంలో, కొందరు మనుషులు, కొన్ని ప్రయోజనాల కోసం ఏర్పరచిన పరిస్థితి ప్రకృతిసిద్ధంగా కనిపించడమే మిథ్ చేసే పని. కనుక దీన్ని పురాణం అనలేం. మిథ్య అని కూడా అనలేం, ఎందుకంటే మిథ్ అబద్ధం చెప్పనవసరం లేదు. బార్త్ ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధమే: మంగలి దుకాణంలో అతని చేతికిచ్చిన పారి-మాచ్ పత్రిక ముఖచిత్రం మీద ఫ్రెంచి సైనికదుస్తుల్లో ఒక నల్లజాతి యువకుడు వందనం చేస్తుంటాడు. ఆ యువకుడు నిజం, వందనం నిజం. కాని ఆ రెండింటినీ వాడుకుని ఫ్రెంచి సామ్రాజ్యం సహజమైనదీ అందరిదీ అన్న భావన నిలబడుతుంది. ఈ వ్యాసంలో మిథ్ అన్న మాటను ఈ అర్థంలోనే వాడుతున్నాను.

ఒక హెచ్చరిక కూడా అవసరం. వాచ్యం, వ్యంగ్యం, మిథ్ అని మూడు మెట్లుగా చెప్పడం తరువాతి పాఠ్యగ్రంథాలు చేసిన సౌకర్యం. బార్త్ స్వయంగా వ్యంగ్యాన్ని, మిథ్‌ను రెండు వేరు అంతస్తులుగా ఎక్కడా స్థిరంగా విడదీయలేదు. ఈ మెట్లు బొమ్మలో ఉండవు, మన పరిశీలనలో ఉంటాయి.

మొదటి మెట్టు: కనిపించేది

మొదటి పని జాబితా రాసుకోవడం. తేలికగా కనిపించినా విశ్లేషణలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. 'దేవుడి చేయి', 'విషం', 'పేద రైతు' అని రాసుకుంటే అప్పటికే పై మెట్టు ఎక్కేశాం. వాచ్యంలో ఉన్నవి ఇవి: లేతరంగు చర్మం గల ఒక కుడ్యప్రమాణపు చేయి, దాని వెంట ముఖంగాని శరీరంగాని కనిపించకపోవడం, ప్రయోగశాలల్లో వాడే గాజుపాత్ర, ఎర్రటి ద్రవం, మనిషి, ఎడ్లు, నాగలి, నీరు, కర్మాగారం. ఆ పైన శీర్షిక, కింద వివరణ, సంస్థ పేరు, ఆ సంస్థ ప్రకటనలన్నిటిలో కనిపించే నినాదం. 'రాబోయే వాటిలో ఒక చేయి' అన్నది ఆ నినాదానికి దగ్గర అర్థం.

ఇది ఛాయాచిత్రం కాదు, గీసిన బొమ్మ. ఈ తేడాను బార్త్ ముఖ్యమని భావించాడు. ఫొటోలో వస్తువు తనంతట తాను అక్కడ పడినట్టుంటుంది. అందుకే ఫొటోలోని వాచ్యం అమాయకంగా కనిపిస్తుంది. గీసిన బొమ్మలో ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఎంత పెద్దదిగా వేయాలి అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. అంటే ఇక్కడ వాచ్యం కూడా ఎంపికే. ట్రాక్టరు వేయవచ్చు, ఎడ్లు వేశారు. చేతిని ఏ మనిషి చేతంతైనా వేయవచ్చు, మనుషులను మించి వేశారు. 1970 నాటికి బార్త్ 'ఎస్/జెడ్'లో ఇంకొక అడుగు వేసి, వాచ్యమన్నది మొదటి అర్థంలా నటించే చివరి వ్యంగ్యమే అన్న దాకా వెళ్ళాడు. ఈ ప్రకటన ఆ మాటకు మంచి దృష్టాంతం.

వివరణ పాఠాన్ని కూడా వాచ్యంగానే ఒకసారి చదవాలి. పొలాల్లో ఎడ్లు, శాశ్వతమైన గంగ, ఆభరణాలు తొడిగిన ఏనుగుల ఊరేగింపు అంటూ అది మొదలవుతుంది. ఈ ప్రాచీన చిహ్నాల పక్కనే ఇప్పుడు ఆధునిక పరిశ్రమ కనిపిస్తోందంటుంది. 40 కోట్లకు పైబడిన తన ప్రజల కోసం భారతదేశం సాహసోపేతమైన ప్రణాళికలు వేసుకుందని, కాని ఆ దేశానికి పాశ్చాత్య ప్రపంచపు సాంకేతిక పరిజ్ఞానం అవసరమని చెబుతుంది. భారతీయ ఇంజనీర్లతో, సాంకేతిక నిపుణులతో కలిసి పనిచేస్తూ బొంబాయి దగ్గర రసాయనాల, ప్లాస్టిక్కుల కర్మాగారానికి తమ విజ్ఞానవనరులను అందించామని ఉదాహరణ చూపిస్తుంది. స్వేచ్ఛా ప్రపంచమంతటా ఇలాంటి కర్మాగారాలు కడుతున్నామని ముగిస్తుంది.

ఇప్పుడు జాబితాలో ఒక పొసగని విషయం తేలుతుంది. పాఠం చెప్పేది ప్లాస్టిక్కుల కర్మాగారం గురించి. బొమ్మ చూపించేది పొలం. ప్లాస్టిక్కును ఎవరూ దున్నే నేలమీద ఒంపరు. ఆ ద్రవం ఏమిటో పాఠంలో ఎక్కడా లేదు. అది పురుగుమందు అని ఇప్పుడు చాలామంది అనడానికి కారణం భోపాల్ కర్మాగారం సెవిన్ అనే పురుగుమందును తయారు చేసినదని మనకు తెలియడమే. ప్రకటనలో ఆ ద్రవానికి పేరు లేదు. మాటకూ బొమ్మకూ మధ్య ఉన్న ఈ ఎడమే మనకు దొరికిన మొదటి ఆధారం: బొమ్మ కర్మాగారం పనిని వివరించడానికి వేసినది కాదు. అది మరేదో చెబుతోంది.

రెండో మెట్టు: స్ఫురించేది

స్ఫురణ గురించి మాట్లాడేటప్పుడు ఎవరికి తోచింది వారు చెప్పే ప్రమాదం ఉంది. దీనికి సంకేతశాస్త్రంలో ఒక కట్టడి ఉంది, దాన్ని మార్పిడి పరీక్ష అనవచ్చు. బొమ్మలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, అర్థం మారుతుందా అని చూడాలి. మారితే ఆ అంశం అర్థాన్ని మోస్తున్నట్టు. మారకపోతే అది అలంకారమాత్రమే.

చేతి పరిమాణాన్ని మార్చి చూద్దాం. రైతు చేతికి సమానమైన మరో చేయి, అతని పక్కనే, అదే గాజుపాత్ర పట్టుకుని ఉందనుకుందాం. ఇద్దరు మనుషులు కలిసి పని చేస్తున్నారనిపిస్తుంది; పాఠంలో చెప్పిన భాగస్వామ్యం బొమ్మలోకి వస్తుంది. కనుక చేతి పరిమాణం అర్థాన్ని మోస్తోంది. దిశను మార్చి చూద్దాం. చేయి పైనుంచి గాక పక్కనుంచి వస్తే ఎవరిదో తెలుసుకోవాలనిపిస్తుంది. పైనుంచి వచ్చినప్పుడు ఆ కుతూహలం కలగదు. మబ్బుల్లోనుంచి దిగే చేతికి క్రైస్తవ చిత్రకళలో శతాబ్దాల అలవాటు ఉంది, అమెరికన్ పాఠకుడు దాన్ని వెంటనే గుర్తుపడతాడు. గాజుపాత్రను రైతు చేతికిచ్చి చూద్దాం. అప్పుడు శీర్షికలోని విజ్ఞానశాస్త్రం రైతుది అవుతుంది. ప్రకటన మొత్తం తలకిందులవుతుంది.

ఈ చేతిని తెలుగు పాఠకుడు మరోలా కూడా చూస్తాడు. పైనుంచి కిందికి తెరిచిన చేయి మనకు వరదహస్తం. దానం చేసేటప్పుడు ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉంటాయి. పోతన భాగవతంలో బలిచక్రవర్తి గురువు మాట కాదని దానానికి సిద్ధపడేటప్పుడు అతన్ని పులకింపజేసింది ఆ అమరికే: సాక్షాత్తు విష్ణువు చేయి కిందై, తన చేయి పైనుండడం. అయితే ఈ స్ఫురణ మన సంస్కారం ఇచ్చినది. 1962 నాటి అమెరికన్‌కు చెందినది కాదు. రెంటినీ కలిపేయకూడదు. అయినా మన చూపు ఒక సంగతిని స్పష్టం చేస్తుంది. బలి కథలో దాతకు పేరుంది, ముఖముంది, ఇచ్చినదానికి ఫలితం అతనే అనుభవించాడు. ఈ బొమ్మలోని దాతకు ముఖం లేదు.

ఇక ఎరుపు. ఈనాటి చూపుకు అది నెత్తురు. మార్పిడి పరీక్ష ఇక్కడ మనల్ని ఆపుతుంది. ఆ కాలపు బొమ్మల్లో రసాయనశాస్త్రమంటే రంగురంగుల ద్రవాలున్న గాజుపాత్రలే. ఎరుపు బదులు నీలం వేసినా అప్పటి పాఠకుడికి 'రసాయనం' అన్న భావనే కలుగుతుంది. రంగు పూర్తిగా తీసేస్తే మాత్రం అది నీరవుతుంది, చేయి వాన కురిపిస్తున్నట్టవుతుంది. అంటే 1962లో అర్థం రంగు ఉండడంలో ఉంది, ఎరుపులో కాదు. ఎరుపును నెత్తురుగా చదవడం మనం తరువాత చేర్చినది. ఇలాంటి చోట్ల తనను తాను ఆపుకోలేకపోతే విశ్లేషణ సోదె అవుతుంది.

ఎడ్లు, గంగ, ఏనుగులు కలిసి చేసే పని వేరు. బొంబాయి కర్మాగారం అరేబియా సముద్రపు ఒడ్డుది, గంగకు దానితో సంబంధం లేదు. కాని ప్రకటనకు కావలసింది గంగ అనే నది కాదు, భారతీయత. పాంజానీ ప్రకటనలో టమాటా, మిరపకాయ, ఎరుపు-ఆకుపచ్చ-పసుపు రంగులు కలిసి ఇటలీని గాక ఫ్రెంచివాడి మనసులోని ఇటలీతనాన్ని సూచిస్తున్నాయని బార్త్ అన్నాడు. ఇది కూడా అంతే. 1962లో అమెరికా భారతీయులకు ఇచ్చే వలస కోటా ఏడాదికి 100 మంది. ఆ పేజీ తిప్పినవారిలో ఎక్కువమంది ఒక భారతీయుడితో ఎన్నడూ మాట్లాడి ఉండరు. వారికి భారతదేశమంటే ఇలాంటి పేజీలే.

చివరిగా శీర్షికలోని వ్యాకరణం. వాక్యానికి కర్త యూనియన్ కార్బైడ్ కాదు, విజ్ఞానశాస్త్రం. 'యూనియన్ కార్బైడ్ కొత్త భారతదేశ నిర్మాణానికి తోడ్పడుతోంది' అని మార్చి చూడండి. వెంటనే అడగాలనిపిస్తుంది: ఎంత తీసుకుని? విజ్ఞానశాస్త్రాన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. కింద సంస్థ పేరు, నినాదంలో చేయి అన్న మాట, బొమ్మలో చేయి. ఈ మూడూ కలిసి విజ్ఞానశాస్త్రమే ఆ చేయి, ఆ చేయే యూనియన్ కార్బైడ్ అన్న సమీకరణాన్ని, ఎక్కడా వాక్యంగా చెప్పకుండానే, పూర్తి చేస్తాయి.

మూడో మెట్టు: మిథ్

స్ఫురించిన అర్థాలను కుప్పపోస్తే మిథ్ రాదు. అవన్నీ కలిసి ఏ పరిస్థితిని సహజమైనదిగా నిలబెడుతున్నాయో చెప్పాలి. ఇక్కడ నిలబడేది ఇది: ప్రపంచంలో జ్ఞానం ఉన్న చోటు ఒకటి, లేని చోటు ఒకటి. జ్ఞానం నీటిలా పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. కింద ఉన్నది నేల, దాన్ని దున్నేవాడు. అతని పని సిద్ధంగా ఉండడమే.

ఈ భావనలో ఏ వాక్యమూ అబద్ధం కాదని గమనించాలి. ఎడ్లు నిజం. సాంకేతిక సహకారం భారతదేశమే కోరుకున్న మాట నిజం. మిథ్ దాచిపెట్టదు, వంచుతుందని బార్త్ అనేది ఇందుకే. వంగిపోయినదేమిటో తెలియాలంటే బొమ్మనుంచి జారిపోయిన చరిత్రను తిరిగి తెచ్చుకోవాలి. ప్రఫుల్ల చంద్ర రాయ్ బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్‌ను కంపెనీగా నెలకొల్పినది 1901లో. ఖరగ్‌పూర్‌లో ఐఐటీ మొదలైనది 1951లో. ప్రవాహం పైనుంచి కిందికే అన్న నియమాన్ని భంగపరచే జీవితం ఒకటి తెలుగువారికి బాగా తెలుసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, 1940నుంచి 1948లో చనిపోయేదాకా న్యూయార్క్ రాష్ట్రంలో అమెరికన్ సయనమిడ్ అనే రసాయనాల సంస్థకు చెందిన లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశాడు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చాయి. ఆ గాజుపాత్రను పట్టుకున్న చేయి గోదావరి జిల్లాది. మేలు పొందినవాళ్ళలో అమెరికన్లూ ఉన్నారు. ఈ బొమ్మ లోకంలో అటువంటి చేతికి చోటు లేదు. దాన్ని ఎవరో చెరిపేశారని కాదు; ఆ అమరికలో అది ఊహకే రాదు.

ఇంకో సంగతి కూడా జారిపోయింది. యూనియన్ కార్బైడ్ భారతదేశానికి 1962లో కొత్తగా వచ్చిన ఉపకారి కాదు. దాని శాఖ అప్పటికి దశాబ్దాలుగా ఇక్కడ ఎవరెడీ బ్యాటరీలు అమ్ముతోంది. పల్లెటూళ్ళలో చీకటిపడ్డాక పొలానికి వెళ్ళే రైతు టార్చిలైటులో ఉన్నవి ఆ సెల్సే. వాస్తవంలో ఆ సంస్థకు రైతు కొనుగోలుదారు. బొమ్మలో అతను దానగ్రహీత. అమ్మకం దానంగా మారడమే ఈ మిథ్ చేసిన అసలు పని.

మరి ఈ ప్రకటన ఏమి అమ్మింది? నేషనల్ జియోగ్రాఫిక్ చదివే మధ్యతరగతి అమెరికన్ రసాయనాలు కొనడు. ఇది వస్తువును గాక సంస్థను అమ్మే ప్రకటన. 'స్వేచ్ఛా ప్రపంచం' అన్న మాట ఇక్కడ పనికివస్తుంది. ఏ కూటమిలోనూ చేరని దేశం సోవియట్ సహాయం కూడా తీసుకుంటున్న రోజులవి. ఆ దేశం మీద ఒక అమెరికన్ సంస్థ చేయి ఉందన్న ఊరట పాఠకుడికి దక్కుతుంది. అతను కొన్నది తన దేశం గురించి తనకే కలిగిన మంచి అభిప్రాయం.

రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం: ఆ బ్రహ్మాండమైన చేయి భారతదేశం కోసం పుట్టినది కాదు. 'రాబోయే వాటిలో ఒక చేయి' అన్న వరుసలో వచ్చిన ఇతర ప్రకటనల్లోనూ పెద్ద చేతులున్నాయి. అమెరికన్ విషయాల గురించిన వాటిలోనూ ఉన్నాయి. అలాంటప్పుడు దీన్ని ఆధిపత్యచిహ్నంగా చదవడం న్యాయమా? అభ్యంతరం బలమైనదే. గీసినవారి మనసులో ఏ దురుద్దేశమూ లేదనడానికి అది సాక్ష్యం కూడా. కాని సంకేతానికి అర్థం వచ్చేది దాని చుట్టూ ఉన్న సంకేతాలనుంచి. అదే చేయి ఒక పదార్థం మీద వాలితే పరిశోధన, ఒక దేశం మీద, దానిలోని మనుషుల మీద వాలితే సంరక్షణ. 'అవసరం' అన్న మాట పక్కన ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఉద్దేశం లేకుండానే మిథ్ పనిచేయగలదన్నదే బార్త్ వాదంలోని సారం.

రెండో అభ్యంతరం: పరిశ్రమను మహిమాన్వితం చేసినది అమెరికన్లేనా? ఆనకట్టలను నవభారత దేవాలయాలన్నవాడు నెహ్రూ. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినవాడూ ఆయనే. అదీ ఒక మిథ్ కాదా? అవును. దానికింద మునిగిన ఊళ్ళు కూడా బొమ్మలో కనిపించవు. కాని మార్పిడి పరీక్షను ఇక్కడా వాడవచ్చు. నాగార్జునసాగర్ ఫొటోల్లో బొమ్మను నింపేది రాళ్ళు మోసే వేలమంది కూలీలు. వారి చేతులు చిన్నవి, లెక్కలేనన్ని. ఆ మిథ్‌లో కట్టేవాడు కనిపిస్తాడు, మునిగేవాడు కనిపించడు. ఈ మిథ్‌లో కట్టేవాడే కనిపించడు. రెండూ మిథ్‌లే గాని, ఒకటే మిథ్ కాదు.

చేయి వెనక్కి తీసుకోవడం

ఇప్పుడు భోపాల్ మీద కప్పిన చేయి తీయవచ్చు. 1984 డిసెంబరులో భోపాల్ కర్మాగారంలోని 610వ నంబరు ట్యాంకునుంచి దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమందిని చంపింది. కర్మాగారం యూనియన్ కార్బైడ్ ఇండియా లిమిటెడ్‌ది. అందులో అమెరికన్ మాతృసంస్థ వాటా 50.9 శాతం. బాధితుల తరఫున భారత ప్రభుత్వం న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. విచారణ అమెరికాలో జరగాలా, భారతదేశంలోనా అన్నదే అక్కడ తేలవలసిన ప్రశ్న అయింది.

ఆ వాదనలో జరిగిన తారుమారును సంకేతాల చూపుతో గమనించాలి. భారతీయ న్యాయవ్యవస్థ ఇంత పెద్ద వ్యాజ్యాన్ని మోయలేదని వాదించినది భారత ప్రభుత్వం. భారతీయ న్యాయస్థానాలు అన్ని విధాలా సమర్థమైనవని వాదించినది యూనియన్ కార్బైడ్. కర్మాగారాన్ని నడిపినది భారతీయ సంస్థ, భారతీయ ఇంజనీర్లు, అది వేరే సంస్థ అని కూడా అది చెప్పింది. 1986 మేలో జడ్జి జాన్ కీనన్ వ్యాజ్యాన్ని భారతదేశానికి పంపించాడు. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

1962 పాఠంలో కూడా భారతీయ ఇంజనీర్ల ప్రస్తావన ఉందని మరచిపోకూడదు. అప్పుడు వారు వాక్యంలో ఉన్నారు, బొమ్మలో లేరు. బొమ్మను నింపినది చేయి. 1986లో వారు బొమ్మ నిండా ఉన్నారు, కనిపించనిది చేయి. బాధ్యత గురించిన ప్రశ్న వచ్చినప్పుడు ఆ చేయి అంత సులభంగా అదృశ్యం కాగలగడానికి కారణం అది మొదటినుంచీ ముఖం లేని చేయి కావడమే. కర్త స్థానంలో విజ్ఞానశాస్త్రాన్ని నిలబెట్టిన వాక్యంలో, జవాబు చెప్పవలసిన మనిషి ఎన్నడూ లేడు. కనుక ఈ ప్రకటన భోపాల్‌ను ముందే చూపించలేదు. భోపాల్ తరువాత వినబడిన సమాధానపు వ్యాకరణాన్ని ముందే చూపించింది.

ఒక పని వెనుక ఎవరిదో చేయి ఉందని ఇంగ్లీషులో అంటే పొగడ్త కావచ్చు. తెలుగులో అదే మాట ఎక్కువగా నేరం గురించి అంటాం. ఆ చేయి ఎవరిదో తేల్చమని దాని అర్థం. ప్రకటన నినాదాన్ని తెలుగులో విన్నవారికి కలిగే ఆ చిన్న ఇబ్బంది పొరపాటు అనువాదం కాదు. ముఖం లేని చేతిని చూసినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న అదే.